బాబాయి కారుకు బయటి ధర

బాబాయి తన కారు అమ్ముతున్నాడని తెలిసినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఎవరికైనా వచ్చేదే. తెలిసిన చేతుల్లో నడిచిన బండి, మోసం ఉండదు, ధర కూడా కలిసివస్తుంది. రెండో ఆలోచన రావడానికి ఒక రాత్రి పట్టింది. బయటివాడి దగ్గర కొంటే బానెట్ ఎత్తించి గంటసేపు చూస్తాను, బేరమాడతాను, రశీదు అడుగుతాను, నచ్చకపోతే వెనక్కి తిరిగి వస్తాను. బాబాయి దగ్గర ఈ నాలుగింటిలో ఒక్కటీ చేయడానికి నోరు రాదు. ఆ కారు గురించి లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఎదురుగా కూర్చున్నా అతన్ని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

అయినవాళ్ల మధ్య కారు అమ్మకాలు చెడిపోవడం చాలాసార్లు చూశాను. వాటిలో అబద్ధం చెప్పినవాళ్లు తక్కువ. ధరలో ప్రేమ ఎంత, సొమ్ము ఎంత అన్నది ఇద్దరూ ముందే విడదీయకపోవడం వల్లే ఎక్కువ చెడ్డాయి. అమ్మినవాడు తక్కువకు ఇచ్చానని, కాబట్టి తర్వాత వచ్చే మరమ్మతులతో తనకు సంబంధం లేదని అనుకుంటాడు. కొన్నవాడు నమ్మకంతో కొన్నానని, కాబట్టి నెల తిరగకుండా పెద్ద ఖర్చు వస్తే అమ్మినవాడు పట్టించుకుంటాడని అనుకుంటాడు. ఇద్దరి లెక్కా న్యాయమైనదే. కాకపోతే ఒకరి లెక్క మరొకరికి తెలియదు.

బాబాయి కారు ఎనిమిదేళ్ల పెట్రోలు బండి, చేత్తో గేర్లు మార్చేది. 82,000 కిలోమీటర్లు తిరిగింది. డబ్బు అంకెలు చోటును బట్టి, ఏడాదిని బట్టి మారిపోతాయి కాబట్టి ఈ వ్యాసంలో లెక్కంతా పాళ్లలో చెబుతాను. అదే తరహా కారును, అదే వయసున్నదాన్ని, డీలరు దుకాణంలో కొంటే పడే ధరను 100 పాళ్లు అనుకుందాం.

"నువ్వు 70 ఇవ్వు, చాలు" అన్నాడు బాబాయి. 30 తగ్గింపు! కళ్లకద్దుకుని తీసుకోవలసిన మాటే. నేను రెండు రోజులు గడువు అడిగాను. ఎందుకంటే ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందో బాబాయికీ తెలియదు, నాకూ తెలియదు. అసలు ధర తెలియని తగ్గింపు ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేనిది ఏడాదికేడాది పెరుగుతుంది. బంధువులు చేరిన చోటల్లా "వాడికి సగం ధరకే ఇచ్చాను" అన్న మాట వినిపిస్తుంది. అటువైపు కొన్నవాడి ఇంట్లో "అంత పాత బండిని అంటగట్టాడు" అన్న మాట పుడుతుంది.

ఒకే కారుకు మూడు ధరలు ఉంటాయని గుర్తుంచుకుంటే న్యాయమైన ధర దొరకడం కష్టం కాదు. డీలరు కొనే ధర ఒకటి, డీలరు అమ్మే ధర ఒకటి, ఆ రెండింటి నడుమ ఇద్దరు మామూలు మనుషులు నేరుగా ఇచ్చిపుచ్చుకునే ధర మరొకటి. బాబాయి నాకు అమ్మకపోతే అతనికి దక్కేది మొదటిది. నేను అతని దగ్గర కొనకపోతే నాకు పడేది రెండోది. ఈ రెండింటి మధ్య ఎక్కడ కుదిరినా ఇద్దరికీ లాభమే. డీలరుకు పోయే తేడాను మేమిద్దరం పంచుకుంటున్నాం, అంతే.

బాబాయిని ఇద్దరు డీలర్లకు కారు చూపించమన్నాను. ఒకరు 76 అన్నారు, మరొకరు 78. కాబట్టి కింది హద్దు 78. పై హద్దు 100 అనుకోవడం మాత్రం పొరపాటు. డీలరు ఆ ధరలో కారును శుభ్రం చేసి, చిన్న మరమ్మతులు చేయించి, కొన్ని నెలల వారంటీ కూడా ఇస్తాడు. అవేవీ బాబాయి ఇవ్వడు. వాటి విలువ సుమారు 8 అని తీసేస్తే నా పై హద్దు 92. ఈ రెండింటికీ సరిగ్గా నడుమ 85. ప్రకటనల్లో ఇలాంటి కార్లు ఆరు కనిపించాయి. వాటికి వేసిన ధరలు ఇంకా ఎక్కువే. కానీ ప్రకటనలో ఉండేది అమ్మేవాడు కోరుకునే ధర, చేతికి వచ్చిన ధర కాదు. అందుకే వాటిని ధర కోసం కాక ఆ కార్ల స్థితి తెలుసుకోవడానికే వాడుకున్నాను.

ఆ స్థితి ఎందుకంటే, చాలామంది ఇక్కడే ఒకే ఖర్చును రెండుసార్లు తగ్గించుకుంటారు. టైర్లు సగం అరిగాయి, బ్రేక్ ప్యాడ్లు సగం అరిగాయి, సీటు వెలిసింది అంటూ ఒక్కొక్కదానికీ కొంత కోసేస్తారు. ఎనిమిదేళ్ల కారు ధరలో ఎనిమిదేళ్ల అరుగుదల ముందే ఉంది. అదే వయసున్న సగటు కారు కంటే ఇది ఎక్కడ తక్కువగా ఉందో, ఎక్కడ మెరుగ్గా ఉందో దానికే లెక్క వేయాలి.

ఈ తేడాలు పట్టుకోవడానికి కారును మెకానిక్‌కు చూపించాలి. బాబాయి మామూలుగా వెళ్లే మెకానిక్ దగ్గరికే పోదామన్నాడు. అతను మంచివాడే, కానీ తాను చేసిన పనికి తానే మార్కులు వేసుకోవాల్సి వస్తుంది. నా మెకానిక్ అయితే నా వైపు మాట్లాడాడన్న అనుమానం మిగులుతుంది. ఇద్దరికీ తెలియని మూడో మనిషి దగ్గరికి వెళ్లాం. డబ్బు నేనే కట్టాను, నివేదిక ఒక ప్రతి బాబాయికి, ఒక ప్రతి నాకు తీసుకున్నాం. "నా మీద నమ్మకం లేదా?" అన్న ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నాను, వచ్చింది. "మీ మీద ఉంది బాబాయ్, రేడియేటర్ మీద లేదు. రేపు ఏదైనా చెడితే మీకు ముందే తెలుసని ఎవరూ అనకుండా ఈ కాగితం మీకే పనికొస్తుంది" అన్నాను. ఆ మాట తర్వాత అక్షరాలా నిజమైంది.

తెలిసినవాళ్ల కారులో వెతకవలసినవి కొంచెం వేరు. ఓడోమీటరు వెనక్కి తిప్పి ఉంటాడని బాబాయిని అనుమానించనక్కరలేదు. అక్కడ ఉండేది అలవాటు. రోజూ నడిపేవాడికి నెమ్మదిగా వచ్చే మార్పు తెలియదు. క్లచ్ పెడల్ పైకంటా వచ్చాక గాని పట్టు దొరకకపోయినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నా, ఆ కాలూ చెయ్యీ ఎప్పుడో సర్దుకుపోయి ఉంటాయి. "ఏమైనా లోపం ఉందా?" అని అడిగితే నిజాయితీగానే "ఏమీ లేదు" అంటారు. కాబట్టి ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి. కూలెంట్ చివరిసారి ఎప్పుడు పోశారు, ఎంత పట్టింది? ఇంజిన్ ఆయిల్ రెండు సర్వీసుల మధ్య ఎప్పుడైనా కలపాల్సి వచ్చిందా? ఈ ఏడాది బ్యాటరీ ఎన్నిసార్లు మొరాయించింది? బీమా నుంచి డబ్బు ఎప్పుడైనా తీసుకున్నారా, దేనికి? ఈ చివరి ప్రశ్నకు బాబాయి కాసేపు ఆలోచించి, నాలుగేళ్ల కిందట వెనక బంపరు మార్పించిన సంగతి చెప్పాడు. దాచలేదు, మరిచిపోయాడు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే రోజు ఉదయం బండిని ఎవరూ స్టార్టు చేయవద్దని చెప్పి, రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను నేనే మొదట తిప్పాను. మొదటి అరనిమిషంలో వినిపించే చప్పుడు, పొగ గొట్టంలోంచి వచ్చే రంగు వేడెక్కిన ఇంజిన్‌లో కనిపించవు. మెకానిక్ స్కానరు పెట్టి ఇంజిన్ కంప్యూటర్ చదివాడు. అందులో లోపాల సంకేతాలు లేకపోవడం ఒక్కటే చాలదు. సంకేతాలు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా కంప్యూటర్ తన సొంత పరీక్షలను మళ్లీ మొదటి నుంచి చేసుకుంటుంది. అవి పూర్తి కావడానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. ఆ పరీక్షలు పూర్తయినట్టు స్కానరులో కనిపించాకే "లోపం లేదు" అన్న మాటకు విలువ. మా విషయంలో అవి పూర్తయ్యే ఉన్నాయి. తర్వాత రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి గాలి ఒత్తిడి పెట్టి కొద్ది నిమిషాలు చూశాడు. ముల్లు కదల్లేదు. అంటే ఆ రోజుకు కారడం లేదు.

రెండు పెద్ద సంగతులు బయటపడ్డాయి. టైరు పక్కన ఒక కోడు చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2217 అని ఉంటే 2017లో 22వ వారం అన్నమాట. బాబాయి టైర్లు కారుతో పాటు వచ్చినవే. గాడులు ఇంకా కొంత మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి సన్నటి పగుళ్లు వచ్చాయి. ఇక రెండోది టైమింగ్ బెల్టు. ఇంజిన్ లోపల పిస్టన్ల కదలికనూ వాల్వుల కదలికనూ ఒక తాళంలో ఉంచే పళ్ల బెల్టు అది. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి, మరమ్మతు దాదాపు ఇంజిన్ విప్పేటంత అవుతుంది. దీన్ని దూరంతో పాటు వయసును బట్టి కూడా మార్చాలి. ఆ కారు పుస్తకంలో లక్ష కిలోమీటర్లు లేదా ఎనిమిదేళ్లు, ఏది ముందైతే అది అని ఉంది. బాబాయి కిలోమీటర్లే లెక్కపెట్టుకున్నాడు.

లెక్క ఇలా తేలింది. నాలుగు కొత్త టైర్లకు 5 పాళ్లు. సగటు కారుకు సగం అరిగిన టైర్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి మొత్తం కాక సగం, రెండున్నర తగ్గించాం. బెల్టుకు పూర్తి ఖర్చు 4. నేను చూసిన ఆరు కార్లలో నాలుగింటికి మార్చేసి ఉంది కాబట్టి 3 తగ్గించాం. బ్యాటరీ నిరుటిది, సగటు కంటే మెరుగు, దానికి బాబాయి వైపు అర పాలు కలిపాం. 85లో ఇవన్నీ చేస్తే 80. డీలరు ఇస్తానన్న 78 కంటే బాబాయికి ఎక్కువ, నాకు బయట పడే 92 కంటే బాగా తక్కువ. వెనక బంపరుకు ఏమీ తగ్గించలేదు. పని శుభ్రంగా జరిగింది, దాని ప్రభావం మరెక్కడా లేదని నివేదికలో ఉంది.

మరి 70కి ఇస్తానన్నవాడికి 80 ఇస్తానన్నానా? అవును. ఆ 10 పాళ్ల బదులు వేరొకటి అడిగాను. "తగ్గించవద్దు బాబాయ్, రెండు నెలలు పూచీ ఇవ్వండి" అన్నాను. ఇద్దరికీ తెలియని పెద్ద లోపం ఏదైనా రెండు నెలల్లో బయటపడితే ఖర్చు సగం సగం. దానికి హద్దులు పెట్టాం. 60 రోజులు లేదా 2,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇంజిన్, గేరుబాక్సు, కూలింగ్ భాగాలకే వర్తిస్తుంది. టైర్లు, బ్రేకులు, క్లచ్, బ్యాటరీ, బల్బుల వంటి అరిగిపోయే వస్తువులన్నీ నావి. 1 పాలు లోపు మరమ్మతులూ నావే. పంచుకునే మొత్తం ఖర్చు 6 దాటదు. అంటే బాబాయికి అతి చెడ్డ పరిస్థితిలో పోయేది 3. ఖాయంగా 10 వదులుకోవడం కంటే అది చాలా చవక. నాకు మాత్రం 10 తగ్గింపు కంటే మొదటి రెండు నెలల నిశ్చింతే విలువైనది. తగ్గింపు తీసుకున్నాక ఇంజిన్ చెడితే నోరెత్తలేను. పూచీ తీసుకున్నాక నోరెత్తే అవసరమే ఉండదు.

ఇలా కుదిరిందనుకుంటుండగా రిజిస్ట్రేషన్ పత్రం తీశాడు బాబాయి. యజమాని పేరు పిన్నిది.

కుటుంబంలో కొనేటప్పుడు ఇది తరచూ ఎదురవుతుంది. నడిపేవాడు ఒకరు, బేరమాడేవాడు ఒకరు, కాగితం మీద ఉండేది మరొకరు. బాబాయి సంతకానికి ఆ కారు విషయంలో విలువ లేదు. అసలు యజమాని చనిపోయి ఉంటే చిక్కు ఇంకా పెద్దది. వారసుల పేరు మీదికి మారనిదే వాళ్లలో ఏ ఒక్కరూ ఒంటరిగా అమ్మలేరు. అందుకే కారును చూడకముందే రిజిస్ట్రేషన్ పత్రం చూడాలి. నేను ఆ తప్పు చేశాను. మళ్లీ మొదటి నుంచి పిన్నికి లెక్కంతా చెప్పాల్సి వచ్చింది. ఆమె ఓపిగ్గా విని, "తల్లీ బిడ్డా ఒకటే అయినా నోరూ కడుపూ వేరు, రాసుకోవడమే మంచిది. కానీ డీలరుకు ఇచ్చే ధర కంటే నీకు ఎక్కువ వేయడం నాకు ఇష్టం లేదు" అంది. 2 పాళ్లు తగ్గించింది. కాదనలేదు. కాగితంలో మాత్రం "న్యాయమైన ధర 80, కానుకగా తగ్గించినది 2, చెల్లించవలసినది 78" అని మూడు అంకెలూ విడివిడిగా రాశాం. పిన్నికి ఇద్దరు కూతుళ్లున్నారు. రేపు వాళ్లలో ఎవరైనా "అన్నయ్యకు ఎంతకిచ్చారు?" అని అడిగితే జవాబు ఆ మూడు అంకెల్లో ఉంది. కొన్ని దేశాల్లో పన్ను అధికారులు అమ్మిన ధరను కాక మార్కెట్ విలువనే చూస్తారు, బాగా తక్కువకు అమ్మితే తేడాను బహుమతిగా లెక్కిస్తారు. అక్కడా ఈ విభజన, దానితో పాటు డీలర్ల కొటేషన్లు అక్కరకు వస్తాయి.

కాగితంలో అసలు ధర కంటే తక్కువ రాసి పన్ను మిగుల్చుకుందామని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. మాకూ ఉన్నారు. చట్టం సంగతి అలా ఉంచినా, 78 ఇచ్చి 40 అని రాస్తే రేపు ఏ తగాదా వచ్చినా నేను ఇచ్చినట్టు రుజువుండేది 40కే. పైగా ఆ అబద్ధం కింద ఇద్దరి సంతకాలూ ఉంటాయి.

మేము రాసుకున్న పత్రం ఒక పేజీ కూడా దాటలేదు. దాని సారం ఇది:

"కింద తెలిపిన కారును యజమాని (పేరు, చిరునామా) కొనుగోలుదారు (పేరు, చిరునామా)కు అమ్మడమైనది. తయారీ, మోడల్, సంవత్సరం, రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఇవి. అప్పగించే రోజున ఓడోమీటరు 82,140 కిలోమీటర్లు. ఈ కారుపై ఎవరికీ అప్పు లేదని, మరెవరికీ హక్కు లేదని యజమాని తెలుపుతున్నారు. యజమానికి తెలిసిన లోపాలు: టైర్లు వయసు మీరినవి, టైమింగ్ బెల్టు మార్చవలసి ఉంది, నాలుగేళ్ల కిందట వెనక బంపరు మార్చారు, వెనక ఎడమ తలుపు అద్దం నెమ్మదిగా దిగుతుంది. ఇవి తెలిసే కొనుగోలుదారు కొంటున్నారు. తెలియని లోపాల ఖర్చు కింది షరతుల మేరకే పంచుకుంటారు. అవి తప్ప కారును ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వడమైనది. అప్పగించిన తేదీ, గంట. రెండు తాళాలు, సర్వీసు పుస్తకం, మెకానిక్ నివేదిక ఇచ్చారు."

కింద పూచీ షరతులు, చెల్లింపు వివరం, పిన్ని సంతకం, నా సంతకం, ఇద్దరు సాక్షులు. రెండు ప్రతులు. రిజిస్ట్రేషన్ మార్పుకు ప్రభుత్వం అడిగే పత్రాలు వేరు. అవి ఒక్కో చోట ఒక్కో రకం. ఇది వాటికి బదులు కాదు, వాటిలో పట్టని సంగతులను పట్టుకునేది.

ఈ పత్రంలో ఎక్కువ బరువు మోసేది తెలిసిన లోపాల జాబితా. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న ఒక్క మాటతో అమ్మేవాడు అన్నింటి నుంచీ బయటపడతాడని చాలామంది నమ్ముతారు. తెలిసీ దాచిన లోపానికి ఆ మాట సాధారణంగా రక్షణ కాదు. రాసి చూపించిన లోపం మీద మాత్రం రేపు కొనుగోలుదారు ఫిర్యాదు చేయలేడు. అంటే జాబితా ఎంత పొడుగైతే అమ్మేవాడికి అంత క్షేమం. అద్దం నెమ్మదిగా దిగుతుందన్నది కూడా రాయమని పిన్నే పట్టుబట్టింది. ఇక ఛాసిస్ నంబరు నేటి కార్లలో చాలావరకు 17 గుర్తులతో ఉంటుంది. 1, 0లతో పొరబడతామని అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కాబట్టి రాసుకున్న నంబరులో "ఓ" కనిపిస్తే అది సున్నా. పత్రంలో ఉన్నది చూసి రాయకుండా కారు మీద ఉన్నది చూసి రాసి, రెండింటినీ సరిపోల్చాం.

కారు మీద అప్పు ఉంటే క్రమం మారుతుంది. అమ్మినవాడికి డబ్బిచ్చి "మీరు బ్యాంకులో కట్టేయండి" అనడం ప్రమాదం. ఎంత బంధువైనా ఆ డబ్బు మరో అవసరానికి పోవచ్చు. ఫలానా తేదీకి ఎంత కడితే అప్పు పూర్తిగా తీరుతుందో రుణదాత చేత రాతపూర్వకంగా తెప్పించి, ఆ మొత్తాన్ని నేరుగా రుణదాతకు కట్టి, మిగిలింది మాత్రం అమ్మినవాడికి ఇవ్వాలి. వడ్డీ రోజూ పెరుగుతుంది కాబట్టి ఆ తేదీ దాటితే అంకె మారిపోతుంది. అప్పు తీరినట్టు పత్రం వచ్చేదాకా పేరు మారదు.

నేను మొత్తం ఒకేసారి ఇవ్వలేదు. 60 బ్యాంకు ద్వారా ఆ రోజే పంపాను, మిగతా 18 నెలకు 3 చొప్పున ఆరు నెలలు. ఇలాంటప్పుడు చాలామంది "డబ్బంతా ఇచ్చాక పేరు మార్చుకో" అంటారు. అది అమ్మేవాడికే చేటు. కారు నా చేతిలో, పేరు పిన్నిది అయితే ఆరు నెలలపాటు నా డ్రైవింగుకు కాగితం మీద ఆమె బాధ్యురాలు. మేము రెండు వ్యవహారాలనూ విడదీశాం. అమ్మకం పూర్తయింది, పేరు వెంటనే మారింది. 18 పాళ్లకు విడిగా అప్పు పత్రం రాశాను, తేదీలతో, ఒక నెల తప్పితే ఏమిటన్నదానితో సహా. ప్రతి నెలా పంపేటప్పుడు బ్యాంకు వివరంలో "కారు, 6లో 2వది" అని రాసేవాణ్ని.

పేరు వెంటనే మార్చాలన్న పట్టుదల నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట నా పాత కారును ఒక స్నేహితుడికి అమ్మాను. వచ్చే వారం మార్చుకుంటానన్నాడు. ఎనిమిది నెలలు గడిచాయి. అతివేగం జరిమానాలు నా ఇంటికి వచ్చేవి, ఫోను చేస్తే నవ్వుతూ కట్టేసేవాడు. జరిమానాతో పోయింది కాబట్టి సరిపోయింది. ఆ కారు ఎవరినైనా గుద్ది ఉంటే అది అమ్మేశానని చూపడానికి నా దగ్గర ఒక్క చీటీ కూడా లేదు. పత్రంలో తేదీతో పాటు గంట రాయడం అప్పుడు నేర్చుకున్నదే. ఉదయం జరిగిన ప్రమాదం అమ్మినవాడిది, సాయంత్రం జరిగింది కొన్నవాడిది. తేదీ ఒక్కటే ఉంటే ఆ తేడా తెలియదు.

బీమా విషయంలో మా క్రమం ఒక్కటే: ముందు బీమా, తర్వాత తాళాలు. పాత బీమా దానంతట అదే కొత్త యజమానికి మారుతుందని నమ్మకూడదు. చాలా చోట్ల అది పాలసీలో పేరున్న మనిషితో చేసుకున్న ఒప్పందం, మారాలంటే కంపెనీకి చెప్పాలి. బీమా డబ్బు అడగని ఏళ్లకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కూడా మామూలుగా మనిషిది, కారుది కాదు. పిన్ని దాన్ని తన తర్వాతి కారుకు తీసుకెళ్లింది.

అప్పగించిన రోజున ఎవరూ తలచుకోని పని మరొకటి ఉంది. ఇప్పటి కార్లలో కొన్నింటికి ఫోనులో యాప్ ఉంటుంది, దానితో కారు ఎక్కడుందో చూడవచ్చు, తలుపు కూడా తీయవచ్చు. పాత యజమాని ఖాతా తీసేయకపోతే అమ్మేసిన కారు ఎక్కడెక్కడ తిరుగుతోందో అతనికి తెలుస్తూనే ఉంటుంది. టోలు చెల్లింపు ట్యాగు అద్దానికి అలాగే ఉండిపోతే డబ్బు పాత ఖాతాలోంచి పోతుంది. బాబాయి కారులో యాప్ లేదు గాని ట్యాగు ఉంది, దాన్ని తీసి అతని చేతికిచ్చాను. ఆడియో సిస్టమ్‌లో బాబాయి ఫోను నంబర్లన్నీ ఉన్నాయి, వాటినీ చెరిపేశాం.

ఐదో వారంలో, 1,300 కిలోమీటర్లు తిరిగాక, వేడి చూపించే ముల్లు నడుమ దాటి పైకి జరిగింది. పక్కకు ఆపి చూస్తే రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు అంచున సన్నటి చీలిక, కూలెంట్ కారుతోంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారే ప్లాస్టిక్‌కు ఇది వస్తుంది. కొత్త రేడియేటరుకు, కూలికి కలిపి 3 పాళ్లయింది. ఒత్తిడి పరీక్షలో ఆ రోజు కారలేదని నివేదికలో ఉంది కాబట్టి బాబాయికి ముందే తెలుసా అన్న ప్రశ్న ఎవరి మనసులోనూ రాలేదు. బిల్లు ఫొటో పంపాను. గంటలో ఒకటిన్నర పాళ్లు వచ్చాయి, బ్యాంకు వివరంలో "రేడియేటర్ సగం" అని రాసి.

నాలుగు నెలలకు క్లచ్ జారడం మొదలైంది. ఎక్కుడు దారిలో ఇంజిన్ చప్పుడు పెరుగుతోంది, బండి వేగం పెరగడం లేదు. సంగతి విని బాబాయి, "దీనిలోనూ సగం ఇవ్వాలి కదరా?" అన్నాడు. పత్రం తీసి చూపించాను. గడువు దాటింది, పైగా క్లచ్ పేరు నా వైపు జాబితాలోనే ఉంది. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను.